పీఆర్ పెరిగిందా? ముందు పైరానోమీటర్ తుడిచారో లేదో చూడండి

రాయలసీమ సోలార్ ప్లాంట్లలో పనిచేసేవాళ్లకు ప్రతి ఎండాకాలం ఒకే టెన్షన్. ఏప్రిల్‌లో మీటర్ మీద యూనిట్లు బాగానే పడతాయి. కానీ నెలాఖరు రిపోర్టులో పెర్ఫార్మెన్స్ రేషియో, అంటే అందరూ పీఆర్ అని పిలిచే అంకె, రెండు మూడు పాయింట్లు తగ్గి కనిపిస్తుంది. డిసెంబరులో సరిగ్గా దీనికి తిరగబడుతుంది: యూనిట్లు తక్కువ, పీఆర్ ఎక్కువ. ఏప్రిల్‌లో ప్లాంటుకు ఏదైనా జబ్బు చేసిందా, డిసెంబరుకల్లా దానంతట అదే నయమైందా? రెండూ కావు. పీఆర్‌ను ఆరోగ్యానికి కొలతగా వాడాలంటే, ఆ అంకెలో ప్లాంటు సంగతి ఎంత, వాతావరణం సంగతి ఎంత, కొలిచే పరికరం సంగతి ఎంత అని ముందు విడదీయాలి.

పీఆర్ అడిగేది ఒకే ప్రశ్న. ప్యానెళ్ల మీద పడిన ఎండను బట్టి, ప్యానెళ్ల వెనక లేబుల్ మీద రాసిన సామర్థ్యాన్ని బట్టి రావాల్సిన కరెంటులో నిజంగా మీటర్ దాటింది ఎంత? మన దగ్గర ఒప్పందాల్లో ఎక్కువగా వినిపించే సీయూఎఫ్ అడిగే ప్రశ్న వేరు. ఏడాది పొడవునా ఇరవైనాలుగు గంటలూ పూర్తి సామర్థ్యంతో నడిస్తే వచ్చేదాంట్లో ఎంత వచ్చిందని అది అడుగుతుంది. కాబట్టి మబ్బు పడితే సీయూఎఫ్ పడిపోతుంది. పీఆర్ మాత్రం పడిపోనక్కర్లేదు, ఎండ తగ్గితే లెక్కలో కింద ఉన్న సంఖ్య కూడా తగ్గుతుంది కాబట్టి. జులై ముసురులో సీయూఎఫ్ చూసి ప్లాంటు మీద అనుమానపడితే అది ప్లాంటుకు అన్యాయమే.

లెక్క ఇది:

```
PR = E / (P0 × H / G_ref)

E     : మీటర్ దాటిన నికర యూనిట్లు (kWh)
P0    : ప్యానెళ్ల లేబుల్ సామర్థ్యం మొత్తం (kWp)
H     : ప్యానెల్ తలం మీద పడిన ఎండ (kWh/m²)
G_ref : 1 kW/m²
```

ఐఈసీ 61724-1 ప్రమాణం చెప్పే లెక్క కూడా ఇదే. G_ref విలువ ఒకటి కాబట్టి రోజువారీ పనిలో E ని P0 × H తో భాగిస్తే సరిపోతుంది. లేబుల్ సామర్థ్యాన్ని చదరపు మీటరుకు 1000 వాట్ల ఎండలో, సెల్ 25 డిగ్రీల వేడి దగ్గర కొలుస్తారు. ఈ 25 డిగ్రీల మాట గుర్తుంచుకోండి, ఏప్రిల్ గొడవంతా అక్కడే ఉంది.

మీటర్ నుంచి మొదలుపెడదాం

ఒక ఊహా ప్లాంటు తీసుకుందాం. అనంతపురం వైపు, దక్షిణానికి 15 డిగ్రీల వాలుతో స్థిరంగా బిగించిన ప్యానెళ్లు. డీసీ సామర్థ్యం 5000 కిలోవాట్లు. 220 కిలోవాట్ల స్ట్రింగ్ ఇన్వర్టర్లు 20, అంటే ఏసీ వైపు 4400 కిలోవాట్లు. కరెంటు 33 కేవీ లైను ద్వారా సబ్‌స్టేషన్‌కు వెళ్తుంది, బిల్లింగ్ మీటర్ అక్కడ ఉంది.

ఆ మీటర్‌కు అసలు కరెంటు, అసలు వోల్టేజి చేరవు. కరెంటును సీటీ, వోల్టేజిని పీటీ అనే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు తగ్గించి అందిస్తాయి. సీటీ 100/5 అయితే నిష్పత్తి 20. పీటీ 33000/110 అయితే 300. సెకండరీ విలువలే చూపించే మీటర్ అయితే రీడింగ్ తేడాను 20 × 300, అంటే 6000తో గుణించాలి. దీన్నే ఎంఎఫ్ అంటారు. కొన్ని మీటర్లలో ఈ నిష్పత్తులు ముందే పెట్టి ఉంటాయి, అప్పుడు మళ్లీ గుణించకూడదు. ఇక్కడ పొరపాటు జరిగితే అంకె ఎంత విపరీతంగా వస్తుందంటే ఎవరైనా పట్టేస్తారు. ప్రమాదమల్లా సీటీ మార్చి పాత ఎంఎఫ్‌తోనే లెక్క నడిపినప్పుడు. 100/5 స్థానంలో 125/5 పెట్టి ఎంఎఫ్ మార్చకపోతే నిన్నటిదాకా 77 ఉన్న పీఆర్ ఈరోజు 62 దగ్గర కూర్చుంటుంది. అందరూ ప్యానెళ్ల చుట్టూ తిరుగుతారు.

ఏప్రిల్‌లో ఒక రోజు అర్ధరాత్రి నుంచి అర్ధరాత్రి దాకా ఎక్స్‌పోర్ట్ రీడింగ్ 1284.360 నుంచి 1288.460కి పెరిగింది అనుకుందాం. తేడా 4.100. ఆరువేలతో గుణిస్తే 24,600 యూనిట్లు. అదే రోజు ఇంపోర్ట్ రీడింగ్ 0.008 పెరిగింది, అంటే 48 యూనిట్లు. ప్యానెళ్లు నిద్రపోయినా ట్రాన్స్‌ఫార్మర్ రాత్రంతా కొంత కరెంటు తింటూనే ఉంటుంది, కంట్రోల్ రూమ్ లైట్లు సరేసరి. తీసేస్తే నికరం 24,552 యూనిట్లు.

చాలామంది ఇక్కడ ఇన్వర్టర్ల డిస్‌ప్లే మీద ఉన్న యూనిట్లు కూడి వాడతారు. ఆ అంకె సులువుగా దొరుకుతుంది, పైగా పెద్దగా ఉంటుంది. కానీ ట్రాన్స్‌ఫార్మర్, లైను నష్టాలు దాని తర్వాత వస్తాయి. ఇన్వర్టర్ లోపలి కొలతకు బిల్లింగ్ మీటర్‌కున్నంత కచ్చితత్వం కూడా ఉండదు. ఇన్వర్టర్ అంకె ఎందుకు పనికొస్తుందో చివర్లో చూద్దాం, మొత్తం ప్లాంటు పీఆర్‌కు మాత్రం అది వద్దు.

ఎండను కొలవడం అంత తేలిక కాదు

మీటర్ వైపు తప్పు జరిగితే దొరికిపోతుంది. ఎండ వైపు తప్పు దొరకదు. అందుకే కాస్త ఎక్కువసేపు ఇక్కడ ఆగుదాం.

ఎండను కొలిచేది పైరానోమీటర్. అది ప్యానెళ్ల వాలుతో, ప్యానెళ్లు చూసే దిక్కుకే బిగించి ఉండాలి. నేలకు సమాంతరంగా పెట్టిన మీటర్ విలువ వాడితే రుతువును బట్టి పీఆర్ అబద్ధం చెబుతుంది. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి దక్షిణం చూసే ప్యానెల్ మీద నేల మీదకన్నా ఎక్కువ ఎండ పడుతుంది. నేల మీటర్‌తో భాగిస్తే పీఆర్ ఉబ్బుతుంది. ఏప్రిల్ చివరి నుంచి ఆగస్టు రెండో వారం దాకా అనంతపురంలో మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు. అప్పుడు ప్యానెల్‌కు నేలకన్నా తక్కువ ఎండ అందుతుంది, అదే లెక్క పీఆర్‌ను తొక్కేస్తుంది.

పైరానోమీటర్ విలువలను నమోదు చేసే లాగర్ 15 నిమిషాలకోసారి ఇచ్చే సగటు విలువ చదరపు మీటరుకు వాట్లలో ఉంటుంది. దాన్ని రోజు మొత్తానికి మార్చడం ఇలా:

```
H = SUM(G) * 0.25 / 1000
```

మన రోజుకు ఇది 6.4 వచ్చింది అనుకుందాం. ఇక పీఆర్ = 24,552 ÷ (5000 × 6.4) = 24,552 ÷ 32,000 = 0.767, అంటే 76.7 శాతం.

నెల పీఆర్ కావాలంటే నెల యూనిట్లన్నీ కూడి, నెల ఎండంతా కూడి, ఒక్కసారే భాగించాలి. ముప్పై రోజుల పీఆర్‌లకు సగటు తీస్తే ముసురు పట్టిన రోజుకూ మండే ఎండ రోజుకూ సమాన ఓటు ఇచ్చినట్టవుతుంది.

ఇప్పుడు అసలు చిక్కు. పైరానోమీటర్ గాజు గోపురం మీద దుమ్ము పడితే అది ఎండను తక్కువ చూపిస్తుంది. నాలుగు శాతం తక్కువ చూపిస్తే 6.4 కాస్తా 6.144 అవుతుంది. అప్పుడు అదే 24,552 యూనిట్లకు పీఆర్ 79.9 శాతం. ప్లాంటులో ఏమీ మారలేదు, మూడు పాయింట్లు పెరిగింది. తూకం రాయి అరిగిపోతే సరుకు ఎక్కువ తూగినట్టు కనిపించడమే ఇది. పీఆర్ తగ్గితే అందరూ పరుగెడతారు గానీ, పెరిగినప్పుడు ఎవరూ అడగరు. నా లెక్కలో కారణం తెలియని పెరుగుదలే ఎక్కువ అనుమానించాల్సింది.

ఇంతకన్నా చెడ్డది ఇంకోటి ఉంది. ప్యానెళ్లూ పైరానోమీటరూ ఒకే దుమ్ములో ఉంటాయి. రెండింటి మీదా ఒకే లెక్కన దుమ్ము పడితే పైన యూనిట్లు తగ్గుతాయి, కింద ఎండ కూడా అంతే తగ్గుతుంది, పీఆర్ కదలదు. ప్లాంటు నెల రోజులుగా కరెంటు పోగొట్టుకుంటున్నా రిపోర్టులో గీత చదునుగా పోతుంది. అందుకే ప్యానెళ్లు కడిగే షెడ్యూలుతో సంబంధం లేకుండా పైరానోమీటర్‌ను వీలైతే రోజూ పొద్దున్నే మెత్తటి గుడ్డతో తుడవాలి, తుడిచిన సమయం రాసిపెట్టాలి. అనుమానం వస్తే మబ్బు లేని రోజు చూసి గోపురం తుడిచే ముందూ తర్వాతా విలువ గమనించండి. ఒక్క నిమిషంలో గీత పైకి ఎగిరితే దుమ్ము ఎంత దాచిందో తెలిసిపోతుంది.

లాగర్ మధ్యలో ఆగిపోతే కూడా ఇదే జరుగుతుంది. ఖాళీ గళ్లను స్ప్రెడ్‌షీట్ సున్నాగా కూడేస్తుంది, ఎండ తక్కువై పీఆర్ ఒక్కోసారి వంద దాటుతుంది. వంద దాటితే నయం, ఎవరో ఒకరు అడుగుతారు. అరగంట డేటా పోయి 77 స్థానంలో 81 వస్తేనే ఎవరూ అడగరు. డేటా లేని 15 నిమిషాల బ్లాకును ఎండ వైపు నుంచీ యూనిట్ల వైపు నుంచీ రెండింటి నుంచీ తీసేయాలి.

ఏప్రిల్ గొడవ

సెల్ వేడెక్కే కొద్దీ దాని వోల్టేజి తగ్గుతుంది, దానితో పవర్ తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో ప్యానెల్ డేటాషీట్‌లో ఉంటుంది. మన ప్యానెల్‌కు డిగ్రీకి 0.35 శాతం అనుకుందాం, మోనో పెర్క్ రకానికి ఇది మామూలే. ఏప్రిల్ రోజున ప్యానెల్ వేడి 55 డిగ్రీలైతే, 25 మీద 30 డిగ్రీలు ఎక్కువ. 30 × 0.35 = 10.5 శాతం. లేబుల్ చెప్పే కరెంటులో పదో వంతుకు పైగా వేడికే పోయింది, ఎవరి తప్పూ లేకుండా. అందుకే ఈ వేడి మేరకు పీఆర్‌ను దిద్దుకోవాలి.

ఈ 55 ఎక్కడిది? రోజు మొత్తానికి మామూలు సగటు తీస్తే రాత్రి చల్లదనం కలిసి 35 దగ్గర తేలుతుంది, దిద్దుబాటు మూడో వంతుకు పడిపోతుంది. ఎండతో తూచిన సగటు కావాలి. ప్రతి బ్లాకులో ఎండను ఆ బ్లాకు వేడితో గుణించి, అన్నీ కూడి, మొత్తం ఎండతో భాగించాలి. వేడిని కొలిచే సెన్సర్ ప్యానెల్ వెనక అతికించి ఉంటుంది. అది ఊడి గాలికి వేలాడుతుంటే చుట్టూ ఉన్న గాలి వేడిని చూపిస్తుంది. మండే మధ్యాహ్నం ప్యానెల్ వేడి గాలి వేడికి దగ్గరగా కనిపిస్తే వెళ్లి చూడాల్సిందే.

```
PR_corr = E / (P0 × H × (1 + γ × (T − 25)))
γ = −0.0035
T : ఎండతో తూచిన సగటు ప్యానెల్ వేడి
```

ఏప్రిల్ రోజుకు కింద సంఖ్య 32,000 × 0.895 = 28,640. దిద్దిన పీఆర్ 85.7 శాతం. డిసెంబరులో ఒక రోజు తీసుకుందాం: ఎండ 5.5, నికర యూనిట్లు 21,900, ప్యానెల్ వేడి 45. దిద్దని పీఆర్ 79.6. దిద్దితే 21,900 ÷ (27,500 × 0.93) = 85.6. మూడు పాయింట్ల తేడా మాయమైంది. రెండు రోజుల్లోనూ ప్లాంటు ఒకేలా ఉంది.

ఒప్పందం ఉన్న ప్లాంట్లలో ఇక్కడొక తగువు వస్తుంది. మన ఎండల్లో దిద్దిన పీఆర్ దాదాపు ఎప్పుడూ మామూలు పీఆర్‌కన్నా పెద్దగా ఉంటుంది కాబట్టి కాంట్రాక్టర్ దాన్ని చూపించి, "78 అన్నారు, 85 ఇచ్చాం కదా" అంటాడు. ఆ 78 దిద్దని అంకె. అందుకే అమెరికాలోని ఎన్ఆర్ఈఎల్ అనే ప్రభుత్వ ఇంధన ప్రయోగశాల 2013లో వేరే దారి చెప్పింది: 25 డిగ్రీలకు కాకుండా ఆ ప్రదేశంలో ఏడాది సగటు సెల్ వేడికి దిద్దాలి, అదీ ఎండతో తూచిన సగటుకు. మన ప్లాంటుకు అది 50 అనుకుంటే ఏప్రిల్ 78.1, డిసెంబరు 78.3 వస్తాయి. రుతువు ప్రభావం పోయింది, అంకె మాత్రం ఒప్పందంలో ఉన్నదానికి దగ్గరగానే ఉంది. ఏది వాడినా ఒప్పు, ఏది వాడారో రిపోర్టులో రాయాలి.

లైను పోయిన గంట ఎవరి ఖాతాలో?

అదే ఏప్రిల్ రోజున మధ్యాహ్నం 12 నుంచి ఒంటి గంట దాకా 33 కేవీ ఫీడర్ ట్రిప్ అయిందనుకోండి. ఆ గంటలో పడిన ఎండ 0.9, పోయిన కరెంటు సుమారు 3,350 యూనిట్లు. మిగిలింది 21,202. ఏమీ మినహాయించకపోతే పీఆర్ 66.3. ఆ నాలుగు బ్లాకుల ఎండను తీసేస్తే 21,202 ÷ 27,500 = 77.1.

రెండూ నిజమే. మొదటిది యజమాని జేబు గురించి చెబుతుంది, రెండోది ప్లాంటు ఆరోగ్యం గురించి. లోడ్ డిస్పాచ్ సెంటర్ ఉత్పత్తి తగ్గించమన్న గంటలకు కూడా ఇదే పద్ధతి. జాగ్రత్త ఒక్కటే: "ఎండ ఉంది, ఎక్స్‌పోర్ట్ సున్నా, కాబట్టి గ్రిడ్ పోయింది" అని స్ప్రెడ్‌షీట్‌లో నియమం పెట్టేస్తే ప్లాంటు సొంత బ్రేకర్ ట్రిప్ అయిన గంటలు కూడా అందులో కొట్టుకుపోతాయి. సబ్‌స్టేషన్ లాగ్‌బుక్‌లో ఆ సమయం ఉంటేనే మినహాయించాలి. బ్లాకుల వారీగా తీసేటప్పుడు మీటర్ గడియారమూ లాగర్ గడియారమూ కలవాలి. ఒకటి బ్లాకు మొదలైన సమయం, ఇంకోటి ముగిసిన సమయం రాస్తుంటే 15 నిమిషాలు పక్కకు జరిగిపోతాయి. రోజు మొత్తంలో ఇది తెలియదు, ఇలా నాలుగు బ్లాకులు కోసినప్పుడు తెలుస్తుంది.

డీసీ సామర్థ్యం ఏసీకన్నా బాగా ఎక్కువ పెట్టిన ప్లాంట్లలో మధ్యాహ్నం ఇన్వర్టర్ తన గరిష్ఠం దగ్గర ఆగిపోతుంది. గ్రాఫు తల కోసేసినట్టు చదునుగా కనిపిస్తుంది, పీఆర్ తగ్గుతుంది. అది డిజైన్ చేసినవాళ్ల నిర్ణయం, జబ్బు కాదు. రెండు వైపులా పనిచేసే బైఫేషియల్ ప్యానెళ్లలో దీనికి వ్యతిరేకం: వెనక పడే వెలుతురు కరెంటు ఇస్తుంది గానీ ముందు పైరానోమీటర్ లెక్కలోకి రాదు, కాబట్టి పీఆర్ ఎక్కువే ఉంటుంది. అలాంటి ప్లాంటును మామూలు ప్లాంటుతో పోల్చడంలో అర్థం లేదు.

పీఆర్‌కు కనిపించనివి

ఇవన్నీ సరిచేసుకున్నాక దిద్దిన పీఆర్ గీతను రోజూ చూస్తే దాని ఆకారమే చాలా చెబుతుంది. వారాల తరబడి నెమ్మదిగా జారి ఒక వాన పడగానే లేస్తే అది దుమ్ము. ఒక్క రోజులో మెట్టు దిగినట్టు ఐదు శాతం పడి అక్కడే ఉండిపోతే మన ప్లాంటులో ఒక ఇన్వర్టర్ ఆగినట్టు, ఇరవైలో ఒకటంటే ఐదు శాతమే కదా. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా తగ్గితే ప్యానెళ్లు పాతబడుతున్నాయి. P0 ఎప్పుడూ మొదటి రోజు లేబుల్ విలువే ఉండాలి. ఏటా దాన్ని "వాస్తవానికి దగ్గరగా" తగ్గిస్తూ పోతే ఈ తరుగుదల రిపోర్టులో కనిపించదు.

కానీ చిన్న జబ్బులు ఈ గీతలో కనిపించవు. మన ప్లాంటులో ఒక్కో ఇన్వర్టర్‌కు సుమారు 15.6 కిలోవాట్ల స్ట్రింగులు, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపిన ప్యానెళ్ల వరుసలు, 16 ఉన్నాయి. ఒక స్ట్రింగ్ తెగితే ప్లాంటు మొత్తంలో పోయేది 0.3 శాతం. పీఆర్ 76.7 నుంచి 76.5 అవుతుంది. పైరానోమీటర్ అనిశ్చితే అంతకన్నా ఎక్కువ, రోజువారీ ఊగిసలాటలో అది మునిగిపోతుంది.

ఇందుకే ఇన్వర్టర్ అంకెలు కావాలి. ప్రతి ఇన్వర్టర్ యూనిట్లను దానికి కట్టిన డీసీ కిలోవాట్లతో భాగించి, ఇరవైనీ పక్కపక్కన పెట్టండి. అన్నింటి మీదా పడేది ఒకే ఎండ కాబట్టి ఎండ విలువే అక్కర్లేదు, దానితో పాటు పైరానోమీటర్ తప్పు కూడా లెక్కలోంచి తప్పుకుంటుంది. మధ్యస్థం కిలోవాట్‌కు 5.03 యూనిట్లు ఉండి, పద్నాలుగో ఇన్వర్టర్ 4.72 దగ్గర ఉంటే తేడా ఆరు శాతం. పదహారింట ఒకటి 6.25 శాతం. ఒక స్ట్రింగ్ పోయిందని కుర్చీలో కూర్చునే చెప్పొచ్చు, తేడా పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఒకేలా ఉందంటే. పొద్దున మాత్రమే తగ్గి మధ్యాహ్నానికి కలిసిపోతే ఎక్కడో చెట్టు పెరిగి నీడ పడుతోంది. మధ్యాహ్నమే తగ్గితే ఇన్వర్టర్ వేడెక్కి తనంతట తానే పవర్ తగ్గించుకుంటోంది, ఫ్యాన్ చూడాలి. స్ట్రింగ్ పోయిన లక్షణమే అయితే ఆ ఇన్వర్టర్ దగ్గర డీసీ క్లాంప్ మీటర్‌తో పదహారు కేబుళ్లూ ఒక్కొక్కటిగా చూడండి. కరెంటు సున్నా చూపించే కేబుల్ పట్టుకుని ప్యానెళ్ల కిందుగా నడిస్తే ఊడిన కనెక్టరో, కాలిన ఫ్యూజో, ఉడుత కొరికిన తీగో దొరుకుతుంది.